కుప్పయ్య పిల్లలకు పెట్టిన పెళ్లిభోజనం

మీరు కుప్పయ్యను కలిసి తీరాల్సిందే. వేరే పనులేమన్నా ఉంటే పక్కన పెట్టండి. పుత్తూరు నుంచి నగరి పోయే దారిలో కొత్తగుంటపాళెం దగ్గర బస్సు దిగి, "పెట్టి చంపే కుప్పయ్య ఇల్లు యాడ?" అని అడిగితే చాలు, బడికి పోయే పిల్లలైనా చెయ్యి పట్టుకుని తీసుకుపోతారు. పేరు విని భయపడకండి. ఆయన చీమకు కూడా హాని చెయ్యడు. ఆ ఇంటికి వెళ్లినవాళ్లు తిన్నంతా తిని, వద్దంటే ఇంకా తిని, చివరికి గోడ పట్టుకుని బయటికి రావాలి కాబట్టి ఆ పేరు వచ్చింది. కరెంటు మీటరు చూడడానికి వచ్చినతను ఒకసారి అక్కడే మధ్యాహ్నమంతా నిద్రపోయాడు. ఆ తర్వాత ఆ వీధికి వచ్చినప్పుడల్లా కుప్పయ్య ఇంటి మీటరు మాత్రం గోడ అవతల నుంచే చదువుకుని పోతున్నాడు.

కుప్పయ్యది నేతపని చేసే కుటుంబం. ఇంట్లో రెండు పవర్‌లూమ్ మగ్గాలు ఉండేవి. వాటి దడదడల మధ్యే పుట్టాడు, పెరిగాడు, పెళ్లి చేసుకున్నాడు. పని తగ్గిపోయి మగ్గాలు అమ్మేశాక ఇల్లు ఒక్కసారిగా నిశ్శబ్దమైపోయింది. భార్య వసంతమ్మ మాట్లాడితే స్పష్టంగా వినపడడం మొదలైంది. అది ఇద్దరికీ కొత్త. ఖాళీ పడ్డ మగ్గాల గదిని చూస్తూ కూర్చోలేక కుప్పయ్య సంతకు పోయి, అప్పుడప్పుడే పాలు మరుస్తున్న గొర్రెపిల్లల్ని, వాటితో పాటు ఒక తెల్ల మేకపిల్లను తోలుకొచ్చాడు.

ఆ రోజు నుంచి కుప్పయ్యకు మళ్లీ ప్రాణం లేచొచ్చింది. ఎందుకంటే మనుషులు ఎంత తిన్నా ఒక దశలో చాలంటారు. గొర్రెపిల్లలు అనవు.

పేర్లు కూడా ఆయనకు తెలిసిన భాషలోనే పెట్టాడు. ముద్దుగా గుండ్రంగా ఉన్నది బోండా. తెల్ల మేకపిల్ల పాయసం. ఎప్పుడూ తృప్తిగా నెమరేస్తూ ఉండేది పొంగలి. గోధుమరంగులో నిగనిగలాడుతూ, పిలిస్తే పరుగెత్తుకొచ్చి మోకాలిని కుమ్మేది బూరె. ఈ నాలుగూ తొట్టి దగ్గర మిగతావాటిని పక్కకు తోసేసి, అడుగు కనపడేదాకా తినేవి. మిగిలిన బక్కవాటిలో మరీ బక్కది, గాలొస్తే లేచిపోయేట్టు ఉండేది అప్పడం.

"బూరెను మంద పొట్టేలుగా ఉంచుకుందాం మే," అనేవాడు కుప్పయ్య వసంతమ్మతో. "దాని పిల్లలతో ఈ గది నిండాల. మళ్లా చప్పుడు రావాల ఈ ఇంట్లో."

"చప్పుడు వద్దులే. నువ్వు ఒక్కడివి చాలు," అనేది వసంతమ్మ. కానీ బూరెకు తవుడు కలిపేటప్పుడు ఆమె చెయ్యి కూడా కొంచెం ధారాళంగానే వంగేది.

ఇక పక్కింటి నాగవేణి గురించి చెప్పాలి. కుప్పయ్య కంటే కొంచెం పెద్దది, అందుకే ఆయనకు అక్క. ఆమెకు మెచ్చుకోవడం ఒక అలవాటు. మనలో కొందరికి తుమ్ము వచ్చినట్టు ఆమెకు మెచ్చుకోలు వస్తుంది, ఆపుకోలేదు. బస్సెక్కితే కండక్టరు మీసం మెచ్చుకుంటుంది. రేషన్ షాపులో తూకం వేసే అతని చొక్కా మెచ్చుకుంటుంది. పొద్దున గోడ మీద గడ్డం ఆనించి కుప్పయ్య పిల్లల్ని చూసిందంటే ఇక మొదలు.

"యబ్బా! ఏం నిగ్గురా కుప్పా దీని ఒంటికి! నూనె పూసినట్టు ఉండాది సూడు! ఆ తోక సూడు, ఆ నడక సూడు!"

కుప్పయ్యకు లోపల ఆనందం, పైన వణుకు. ఇంత నోటితో ఇన్నిసార్లు మెచ్చుకుంటే దిష్టి తగలదా? ఆమె అటు తిరగ్గానే వసంతమ్మ వచ్చి పిల్లల నుదుటి మీద కాటుక చుక్కలు పెట్టేది. ఆ కాటుకతో అవి ఇంకా ముద్దుగా కనపడేవి. నాగవేణి ఇంకా మెచ్చుకునేది.

ఈ దిష్టి భయమే కుప్పయ్య చేత ఒక గొప్ప తెలివితక్కువ పని చేయించింది.

జ్యేష్ఠం ముగిసేవేళ పశువుల ఆసుపత్రి వాళ్లు ఊరికి వచ్చారు. ఆటోలో మైకు పెట్టి, గొర్రెలకూ మేకలకూ టీకాలు వేస్తామనీ, అందరూ తమ జీవాల్ని బడి దగ్గరికి తోలుకురావాలనీ పిలిచారు. ఊరంతా అక్కడే చేరింది. జీవాలు ఉన్నవాళ్లూ వచ్చారు, లేనివాళ్లూ వచ్చారు. ఎవరి మంద ఎలా ఉందో చూసుకోవడానికి అంతకు మించిన సందర్భం దొరకదు కదా.

కుప్పయ్య ఆ గుంపును చూసి వీధి మలుపులోనే ఆగిపోయాడు. ఇన్ని కళ్లు! బోండాను, పాయసాన్ని, పొంగలిని, బూరెను ఇన్ని కళ్ల ముందు నడిపించాలా? వెనక్కి తిరిగాడు. నాలుగింటినీ మగ్గాల గదిలో పెట్టి గడియ వేసి, నోరు మెదపకుండా ఉండడానికి తొట్టి నిండా ఆకు వేసి, పైన నానబెట్టిన నూకలు చల్లి, అప్పడాన్నీ మిగతా బక్కవాటినీ మాత్రం తోలుకుపోయాడు.

డాక్టరమ్మ మోనిక, చిత్తూరు అమ్మాయి, కొత్తగా ఉద్యోగంలో చేరింది. ఎండకు ముఖం ఎర్రబడినా చెయ్యి ఆగడం లేదు. తొడ లోపలి చర్మం కింద సూది, వెంటనే ఇంకోటి.

"ఇంతేనా అన్నా మీవి?"

"ఇంతే మేడమ్," అన్నాడు కుప్పయ్య.

"కొంచెం బక్కగా ఉన్నాయే. మేత పెడుతున్నారా?"

పెట్టి చంపే కుప్పయ్యను పట్టుకుని మేత పెడుతున్నారా అని అడిగింది! చుట్టూ ఉన్నవాళ్లు పగలబడి నవ్వారు. కుప్పయ్య ఆ అవమానాన్ని మింగేశాడు. బూరెను దిష్టి నుంచి కాపాడుకోవడానికి ఆ మాత్రం పడక తప్పదు. మూడు వారాల తర్వాత, ఆషాఢంలో, డాక్టరమ్మ రెండో డోసుకు వచ్చినప్పుడు కూడా అదే నాటకం నడిపించాడు. అదే గడియ, అవే నూకలు, అదే "ఇంతే మేడమ్".

ఆషాఢంలో పెళ్లిళ్లు ఉండవు. శ్రావణం వచ్చిందంటే మాత్రం ఆగవు. పుత్తూరు దగ్గర కల్యాణమండపంలో వంటమాస్టరు గంగాధరం కుప్పయ్యకు పాత స్నేహితుడు. మిగిలిన అన్నం పారబొయ్యడం ఆయనకు కష్టం, ఒకరికి పెట్టలేకపోవడం ఈయనకు కష్టం. ఇద్దరి కష్టం ఒక్క ఆటోలో తీరిపోయింది. మొదటి ముహూర్తం నాడే రెండు పెద్ద డబ్బాల నిండా అన్నం, పొంగలి, కేసరి వచ్చి దిగాయి.

"తినండ్రా నా కొడుకుల్లారా," అన్నాడు కుప్పయ్య. కళ్లలో నీళ్లు తిరిగాయి కూడా. "పెళ్లిభోజనం!"

బక్కవాటిని తోసేసి నాలుగూ తొట్టిలోకి తల దూర్చాయి. నిన్నటిదాకా ఆకూ అలమూ, కొంచెం తవుడూ నూకలూ తిన్న పొట్టలు, ఈ రోజు పగిలేట్టు అన్నం తిన్నాయి. సాయంత్రం బోండా తృప్తి పట్టలేక గెంతులేసింది. నాగవేణి గోడ మీద గడ్డం ఆనించింది.

"ఏం పిల్లరా కుప్పా! సినిమా హీరో మాదిరి ఉండాడే!"

తెల్లారేసరికి బోండా చనిపోయి ఉంది. తల వెనక్కి విరిచుకుని, కాళ్లు చాపి, కొయ్యబొమ్మలా. రాత్రి దగ్గూ లేదు, జ్వరమూ లేదు. కుప్పయ్య దాని పక్కన చతికిలబడి, నిన్న గెంతిన కాళ్లను పట్టుకుని చాలాసేపు కూర్చున్నాడు.

వసంతమ్మ మాత్రం అప్పటికే తీర్పు చెప్పేసింది. "ఇంకెవురు? ఆయమ్మ నోరే!"

ఆ రోజు ఇంటి గుమ్మానికి నిమ్మకాయా మిరపకాయలూ వేలాడాయి. మగ్గాల గది కిటికీకి తెగిపోయిన చెప్పు కట్టారు. గోడ మీద నాగవేణి గడ్డం ఆనించే చోట వసంతమ్మ వరుసగా ముళ్లకంప పేర్చింది. గంగాధరం ఇంకో రెండు డబ్బాలు పంపితే, మిగిలిన పిల్లలు దిగులుగా ఉన్నాయని కుప్పయ్య ఇంకొంచెం ఎక్కువే పెట్టాడు.

ఈసారి పాయసానికి వచ్చింది. మేకపిల్ల కదా, బోండాలా ఒక్కసారిగా పడిపోలేదు. నీళ్లలా పారుకుంది, కడుపునొప్పికి చంటిబిడ్డలా అరిచింది. ఆ అరుపుకు నాగవేణి ముళ్లకంప అవతలి నుంచి, "అయ్యో, బంగారంలాంటి పిల్లకు ఏమైందిరా?" అని అడిగింది. మర్నాడు మధ్యాహ్నానికి పాయసం పోయింది.

"బంగారం అన్నింది! విన్నావా? బంగారం అన్నింది!" అని వసంతమ్మ వీధిలోకి వచ్చి అరిచింది.

నాగవేణి కొంగు నడుముకు బిగించి వీధిలోకి వచ్చింది. ఆమెకు కోపం రావడం ఊళ్లో ఎవరూ చూడలేదు. కోపంలోనూ అలవాటు పోలేదు.

"ఏమ్మే వసంతా, నీ గొంతు మైకు మాదిరి ఎంత బాగా వినపడతా ఉండాదో! ఇప్పుడు నా మాట గూడా విను. నా నోట్లో విసముంటే, నా మొగుడ్ని ముప్పై ఏండ్లుగా మెచ్చుకుంటా ఉండా, వాడికేమైనా అయ్యిందా? గుండ్రాయి మాదిరి ఉండాడు!"

ఇంటి అరుగు మీద కూర్చున్న ఆమె భర్త ఈ పొగడ్తకు ఎటు చూడాలో తెలియక పేపరు పైకెత్తుకున్నాడు.

"సరే," అంది నాగవేణి. "పందెం ఏసుకుందాం. రేపట్నించి దినామూ వచ్చి ఆ బక్క దాన్ని మెచ్చుకుంటా. అదే, అప్పడం. మీరు పెంచుకునే గొప్పవాటి దిక్కు కన్నెత్తి గూడా సూడను. అప్పడం సచ్చిందా, నాది సెడ్డ నోరు, నేను ఈ వీధే ఇడిసి పోతా. సావలేదా, నువ్వు నాలుగు మంది ముందర నన్ను అక్కా అని పిలిచి, నా ఇంట్లో బువ్వ తినాల."

ఆ పందెం చూడడానికి జనం వచ్చేవాళ్లంటే నమ్మండి. నాగవేణి పొద్దున్నే స్నానం చేసి, పొంగలి, బూరెల వైపు చూడకుండా కొంగు అడ్డం పెట్టుకుని, అప్పడం ముందు స్టూలు వేసుకుని కూర్చునేది.

"అబ్బబ్బ! ఏం ఎముకలు! ఒక్కో పక్కటెముకా వీణ తీగ మాదిరి లెక్కపెట్టుకోవచ్చు! ఆ మెడ సూడండప్పా, నెమలి! ఈ కాళ్లు పరుగు పందేనికి పుట్టినాయి! రంభ గూడా దీని ముందర నిలవలేదు!"

అప్పడం ఇంత మర్యాద ఎప్పుడూ ఎరగదు. రెండో రోజుకే ఆమె గొంతు వినగానే తోక ఊపడం మొదలుపెట్టింది. నాలుగైదు రోజులు తిరిగేసరికి ఒళ్లు కూడా కొంచెం తేరింది. మెచ్చుకోలు వల్లనో, తోసేవాళ్లు తగ్గి తొట్టి దొరకడం వల్లనో తెలియదు.

నాగవేణి ఒక్కసారి కూడా కన్నెత్తి చూడని పొంగలి మాత్రం, శ్రావణ శుక్రవారం పెళ్లి అన్నం తిన్న మరుసటి పొద్దున, నిలబడిన చోటే వణికి, పక్కకు ఒరిగి, కాళ్లు ఈదుతున్నట్టు కొట్టుకుని, కుప్పయ్య నీళ్లు తెచ్చేలోగా కన్నుమూసింది.

గుంపంతా వసంతమ్మ వైపు తిరిగింది. ఆమె మాత్రం, "నోరు అప్పడం మీద ఉన్నా మనసు పొంగలి మీద ఉండుంటాది," అని గొణిగింది. కానీ ఆ మాట ఆమెకే నమ్మకంగా అనిపించలేదు.

"ఆ మాట డాక్టరమ్మకు సెప్పు," అంది నాగవేణి, అప్పటికే ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని. "మేడమ్, మీ గొంతు ఫోన్‌లో ఎంత బాగుండాదో. మీరు ఒకసారి రావాల. నా కంటితో సచ్చిందో దాని కడుపుతో సచ్చిందో కోసి సూడాల."

మోనిక వచ్చింది. ఊరి చివర బీడులో గ్లవ్స్ వేసుకుని పొంగలిని కోసి చూసింది. కుప్పయ్య చూడలేక అటు తిరిగి నిలబడి, చూడకుండా ఉండలేక మాటిమాటికీ ఇటు తిరిగాడు. పొట్టలో, పేగుల్లో అన్నమే అన్నం. గుండె చుట్టూ ఉన్న సంచిలో నీరు చేరింది. మూత్రపిండాన్ని వేళ్ల మధ్య పట్టుకుంటే మెత్తగా గుజ్జులా జారిపోయింది. పేగులోది కొంచెం సీసాలో పట్టి, పరీక్షకు తిరుపతి పంపుతానంది.

"పరీక్ష వచ్చాక ఖాయంగా చెబుతాను. కానీ ఇది చిటుకు రోగంలాగే ఉంది. చిటికేసినంతలో పోతాయి." లేచి నిలబడి కుప్పయ్య వైపు చూసింది. "అయితే నాకు ఒకటి అర్థం కావడం లేదన్నా. మీ పిల్లలకు దీనికే రెండు డోసులు టీకా వేశాను. ఇంత బలమైన పిల్లను మాత్రం నేనెప్పుడూ చూసినట్టు లేదే?"

కుప్పయ్య తన కాలి బొటనవేలిని చూసుకున్నాడు. వసంతమ్మ కుప్పయ్యను చూసింది. సరిగ్గా అదే సమయానికి, ఆకలేసి ఇల్లు దాటి వెతుక్కుంటూ వచ్చిన బూరె, గుంపును చీల్చుకుని వచ్చి, కుప్పయ్య మోకాలిని ఢీకొట్టి, "మ్మే!" అంది.

డాక్టరమ్మ బూరెను చూసింది. నిగనిగలాడే ఒళ్లు చూసింది. నుదుటి మీద కాటుక చుక్క చూసింది.

"ఇదెవరు?"

"ఇది... బూరె మేడమ్."

"ఆ రోజు ఎక్కడుంది?"

"మగ్గాల గదిలో."

"ఎందుకు?"

కుప్పయ్య బూరె నుదుటి మీది కాటుకను బొటనవేలితో చెరిపాడు. "ఊరంతా సూస్తాదని. దిష్టి తగులుతాదని... బాగున్నవాటిని దాచిపెట్టినాను మేడమ్. బక్కవాటినే తెచ్చినాను."

నాగవేణి నవ్వడం మొదలుపెట్టింది. కొంగు నోట్లో కుక్కుకుని, చెట్టుకు ఆనుకుని, కిందకు జారి కూర్చుని నవ్వింది. "ఓరి నాయనో! సూది పడినవి బతికినాయి, దాచిపెట్టినవి పోయినాయి! నా నోటికి గాదురా కుప్పా, నీ గడియకు సచ్చినాయి!"

కుప్పయ్య ఏడుస్తున్నాడని అప్పుడు చూసి, నవ్వు ఆపేసింది.

మోనిక కూడా మెత్తబడింది. గట్టు మీద కూర్చుని, కుప్పయ్యను పక్కన కూర్చోమంది. "చూడండన్నా. ఈ రోగం తెచ్చే క్రిములు చాలా గొర్రెల పేగుల్లో కొద్దిగా ఎప్పుడూ ఉంటాయి. మామూలు మేతతో అవి మూల కూర్చుని ఉంటాయి, ఎవరినీ ఏమీ అనవు. ఉన్నట్టుండి కడుపు నిండా అన్నమో, గింజలో పడితే, అరగని పిండిపదార్థం పేగుల్లోకి దిగుతుంది. అది వాటికి విందు. గంటల్లో పిల్లలు పెట్టేసి, విషం కక్కుతాయి. ఆ విషం రక్తంలోకి ఎక్కి మెదడునూ మూత్రపిండాలనూ పట్టుకుంటుంది. అందుకే తల వెనక్కి విరిచి, కొట్టుకుని పోతాయి. మేకపిల్లల్లో ఒక్కోసారి పారుడు కూడా ఉంటుంది."

"అంటే నేను పెట్టింది..."

"మీరు పెట్టింది పిల్లలకే. తిన్నది ఆ క్రిములు. పంక్తిలో అందరికంటే ఎక్కువ తిన్నదే ముందు పోతుంది. బాగా పెరిగే పిల్ల, తోసుకుని తినే పిల్ల. అందుకే ఊళ్లో అందరికీ అది దిష్టిలాగే కనపడుతుంది. అందమైనవే పోతాయి కదా."

నాగవేణి మెల్లగా అంది, "అందమైనవాటినే కదా నేను మెచ్చుకునేది."

"అవునక్కా. మీరూ ఆ రోగమూ ఒకే పిల్లను ఎంచుకున్నారు, అంతే."

కుప్పయ్య బూరె మెడ చుట్టూ చెయ్యి వేసుకున్నాడు. "ఇప్పుడు సూది ఏస్తే ఇది బతుకుతాదా మేడమ్?"

"ఇప్పుడే వేస్తాను. కానీ వినండి. టీకా రోగం వచ్చాక వేసే మందు కాదు. ఆ విషాన్ని విరిచేసి, హాని లేకుండా చేసి, ముందే ఒంటికి పరిచయం చేస్తాం. మండపం గేటు దగ్గర నిలబడే మనిషికి దొంగవాడి ఫోటో చూపించినట్టు. మొదటి సూదికి ఒళ్లు గుర్తుపట్టడం నేర్చుకుంటుంది. మూడు వారాలకు రెండోది పడితేనే, అది కూడా పడిన కొన్నాళ్లకు, గట్టిగా అడ్డుకోగలుగుతుంది. అప్పటిదాకా దీని ప్రాణం మీ చేతుల్లో ఉంది. అన్నం మెతుకు కూడా వద్దు. కాయలు కోసేసిన చెనిక్కాయ కట్టె, ఎండుగడ్డి, ఆకు. తవుడు కూడా కొద్దికొద్దిగానే. టీకా పడ్డాక కూడా డబ్బాలకు డబ్బాలు పెట్టడం కుదరదు. ఏటా వానలకు ముందు మళ్లీ వేయించాలి. మేకలకైతే ఇంకా తొందరగా, ఆరు నెలలకే. వాటి ఒంట్లో టీకా పని తొందరగా తగ్గిపోతుంది."

చనిపోయిన పిల్లను లోతుగా పూడ్చి సున్నం చల్లమంది. కూర వండుకోవచ్చా అని వెనక నుంచి ఎవరో అడిగితే, అడిగినవాడి వైపు ఆమె చూసిన చూపుకు వాడు జనంలో కలిసిపోయాడు.

ఇంటికి వచ్చాక కుప్పయ్య చాలాసేపు ఆలోచించాడు. ఆకలి అని అరిచే నోటిని చూస్తూ, ఇంట్లో అన్నం పెట్టుకుని, మూడు వారాలు చేతులు కట్టుకుని కూర్చోవడం! అది ఆయన పుట్టుకలోనే లేదు. వసంతమ్మను నమ్ముకుందామంటే, ఆమె చెయ్యి ఆయన చెయ్యికి చెల్లెలు. చివరికి గది తాళంచెవి తీసుకుని, ముళ్లకంప పక్కకు లాగి, నాగవేణి ఇంటికి వెళ్లాడు. వెనకే వసంతమ్మ. నాలుగు మందీ చూస్తుండగా వసంతమ్మ అంది, "అక్కా."

"ఆ?" అంది నాగవేణి, వినపడనట్టు.

"అక్కా, బువ్వ పెట్టు," అంది వసంతమ్మ, ఏడుపూ నవ్వూ కలిపి. ఆ రోజు నాగవేణి ఇంట్లో కుప్పయ్య దంపతులు తిన్న తిండికి, లేవడానికి గోడ పట్టుకున్నారు.

అలా దిష్టి కళ్ల మనిషే బూరెకు కాపలా అయింది. మగ్గాల గది గుమ్మంలో ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని, తాళంచెవి ఒళ్లో పెట్టుకుని కూర్చునేది. కుప్పయ్య ఊరుకుంటాడా? ఒకసారి తువ్వాలు మడతలో అరటిపండు పట్టుకుని వచ్చాడు.

"ఏందిరా ఆ ఉబ్బు?"

"కురుపు అక్కా."

"కురుపు ఎంత పచ్చగా, ఎంత బాగుండాదిరా! ఇటీ, నేను కోస్తా," అని లాక్కుని తినేసింది.

ఇంకోసారి లుంగీ మడతలో ఇడ్లీ. ఇంకోసారి, గంగాధరానికి ఫోన్ చేసి అన్నం పంపొద్దని చెప్పమంటే, చెప్పినట్టే చెప్పి, చివర్లో గుసగుసగా "కేసరి ఒక్కటీ పంపప్పా" అన్నాడు. నాగవేణి ఫోన్ లాక్కుని, "గంగాధరం మాస్టరూ, మీ చేతి కేసరి అమృతం. ఈ వీధిలోకి వస్తే మాత్రం ఆటో టైరు కోసేస్తా," అంది.

మూడు వారాలు గడవడానికి ఒక్క రోజు మిగిలింది. శ్రావణంలో ఆఖరి ముహూర్తం కూడా ఆ రోజే. మర్నాడే డాక్టరమ్మ వచ్చి రెండో సూది వేస్తుంది. ఆ పెళ్లి కుప్పయ్య మేనల్లుడిది కాబట్టి, కుప్పయ్య మండపం నుంచి ఉత్త చేతులతో రావడం జరగని పని. మధ్యాహ్నం ఇంటికి వచ్చేటప్పుడు చేతిలో పెద్ద విస్తరి ఉంది. అన్నం, చక్కెర పొంగలి, మీద బూరెలు. నెయ్యి కారుతోంది. వసంతమ్మ ఇంకా పెళ్లిలోనే ఉంది. వీధిలో పురుగు లేదు.

గుమ్మంలో నాగవేణి నిద్రపోతోంది. తల పక్కకు వాల్చి, సన్నగా గురక పెడుతూ. తాళంచెవి ఒళ్లో, వేళ్లు విప్పేసి ఉన్నాయి.

లోపలి నుంచి బూరెకు వాసన తగిలింది. "మ్మే," అంది. "మ్మే!" అంది మళ్లీ, ఈసారి తలుపును కుమ్ముతూ. మూడు వారాలు చెనిక్కాయ కట్టె తిన్న గొంతు. చిన్నప్పటి నుంచీ తన చేతి ముద్దకు పరుగెత్తుకొచ్చిన గొంతు. ఒక్క ముద్ద. నెయ్యి లేని పక్క నుంచి. ఒక్క సూది అప్పటికే పడింది కదా, ఒళ్లు ఆ దొంగను సగమైనా గుర్తుపట్టదా ఏం?

కుప్పయ్య చెయ్యి చాచాడు. తాళంచెవి దాకా వెళ్లింది. అంత దగ్గర నుంచి చూస్తే, ఆ గది మూలన బోండా పడుకునే గోనెపట్ట కిటికీలోంచి కనపడింది. దాన్ని ఆయన ఇంకా తియ్యలేదు.

చెయ్యి తాళంచెవిని దాటి, నాగవేణి భుజాన్ని తట్టింది.

"అక్కా! లెయ్యి! కాపలా అంటే ఇట్నా నిద్రపోయేది? నేను వచ్చుండాను సూడు!"

నాగవేణి ఉలిక్కిపడి లేచింది. విస్తరి చూసింది, తాళంచెవి చూసింది, కుప్పయ్య కళ్లలో నీళ్లు చూసింది. జీవితంలో మొదటిసారి ఆమెకు మెచ్చుకోవడానికి మాట దొరకలేదు. పక్కకు జరిగి, మెట్టు మీద చోటు చూపించింది. ఇద్దరూ అక్కడే కూర్చుని, లోపల బూరె శపిస్తుండగా, విస్తరి మొత్తం తినేశారు. ఆఖరి బూరె ఎవరు తినాలో తేలక, చెరి సగం చేసుకున్నారు.

మర్నాడు రెండో సూది పడింది. ఆ మర్నాటి నుంచి భాద్రపదం, మండపానికి తాళం. తిరుపతి పరీక్షలోనూ డాక్టరమ్మ చెప్పిన మాటే తేలింది. ఇప్పుడు బూరె మందకు పెద్ద, మగ్గాల గది నిండా చప్పుడు. దాని పిల్లలు కూడా తొట్టి దగ్గర తోసుకునే రకమే. ఈసారి టీకాల వాళ్లు వచ్చినప్పుడు కుప్పయ్య బూరెకు స్నానం చేయించి, దండ వేసి, ఊరంతా చూసేట్టు నడివీధిలో నడిపించాడు. ముందు నాగవేణి నడుస్తూ, గొంతెత్తి మెచ్చుకుంటూ పోయింది.

బస్సు దిగి ఆ ఇంటికి వెళితే మీకు ఆ మెట్టు కనపడుతుంది. కాసేపు దాని మీద కూర్చోండి. చేతిలో నెయ్యి కారే విస్తరి, లోపల ఆకలిగా పిలిచే గొంతు, వీధిలో ఎవరూ లేరు, కాపలా మనిషి గాఢనిద్రలో ఉంది, తాళంచెవి చేతికి అందేంత దూరంలో ఉంది. నిజం చెప్పండి, మీరైతే అక్కను లేపేవాళ్లా?